‘బొగొ షిపొసొ’ అంటే ఏమిటి, ఆ అక్షరాలు చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి

ప్రశ్న: కొరియన్ సీరియల్స్ చూడటం మొదలుపెట్టి ఏడాది అయింది. మొన్న ఒకదాంట్లో హీరో చాలా రోజుల తర్వాత హీరోయిన్‌ని కలిసి ‘బొగొ షిపొసొ’ అన్నాడు. కింద ‘ఐ మిస్డ్ యూ’ అని వచ్చింది. ఇంకో సీన్‌లో ఒకమ్మాయి తన పాత టీచర్‌తో అదే మాట అని చివర ‘యో’ కలిపింది. అసలు అర్థం ఏంటండీ, తెలుగులో ఎలా చెప్పాలి? దీన్ని కొరియన్ అక్షరాల్లోనే చదవాలని, రాసుకోవాలని ఉంది. హంగుల్ ఎక్కడ మొదలుపెట్టాలి? చార్ట్ చూస్తేనే టెన్షన్ వచ్చింది.

జవాబు:

మీరు విన్న వాక్యం ఇది: 보고 싶었어. తెలుగులో ‘నిన్ను చూడాలనిపించింది’ అని. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ కంటే ఈ తెలుగు వాక్యమే అసలుకు దగ్గర. 보 అంటే చూడటం. 고 싶 అంటే మన ‘-ఆలని ఉండటం’. 었 జరిగిపోయిన కాలాన్ని చెబుతుంది. చివరి 어 చనువున్నవాళ్ల దగ్గర వాక్యాన్ని ముగించే తీరు. చూడు, ఆలని, అనిపించు, ఇంది: మన వాక్యంలో ముక్కలు ఏ వరసలో వస్తాయో అక్కడా అదే వరస. ‘నాకు’, ‘నిన్ను’ అనే మాటలు అందులో లేవు. ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ అంటున్నప్పుడు మనం కూడా వాటిని వదిలేస్తాం కదా.

తెలుగులో ఏ మాట వాడాలన్నది ఎవరు ఎవరితో అంటున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు చెప్పిన సీన్‌కి ‘నిన్ను చూడాలనిపించింది’ సరిపోతుంది. కాలేజీ వయసు పాత్రలైతే ‘నిన్ను చాలా మిస్ అయ్యాను’ అన్నా తప్పేమీ లేదు, మన పిల్లలు అలాగే అంటున్నారు. అదే మాట తల్లి కొడుకుతో అంటే నేనైతే ‘నీ మీద బెంగ పెట్టుకున్నానురా’ అని రాస్తాను. ‘నువ్వు లేక బతకలేకపోయాను’ లాంటిది మాత్రం రాయకండి. కొరియన్‌లో ఇది తేలిగ్గా, మామూలుగా అనే మాట. అంత బరువు పెడితే పాత్ర స్వభావమే మారిపోతుంది.

కాలం కూడా గమనించండి. ఇద్దరూ దూరంగా ఉండి ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే 보고 싶어 అంటారు, అంటే ‘చూడాలని ఉంది’. కలిసిన తర్వాత 보고 싶었어, అంటే ‘ఇన్నాళ్లూ చూడాలనిపించింది’. ఆ ఒక్క 었 వినబడిందా లేదా అన్నదాన్ని బట్టి సీన్‌లో వాళ్లు కలిశారా, ఇంకా కలవలేదా అన్నది చాలాసార్లు తెలిసిపోతుంది. ఇంకో సంగతి. ఈ మాట వినబడిన ప్రతిచోటా ప్రేమ అనుకోకూడదు. 영화 보고 싶어 అంటే ‘సినిమా చూడాలని ఉంది’, అంతే.

మీరు ‘యో’ అని విన్నది 요. పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో, మర్యాద ఇవ్వాల్సిన ఎవరితోనైనా వాక్యం చివర అది కలుస్తుంది. టీచర్‌తో ఆ అమ్మాయి అన్నది 보고 싶었어요. మన లెక్కలో ‘మిమ్మల్ని చూడాలనిపించిందండీ’. మీకు నచ్చిన నటుడికి కామెంట్ రాస్తే 요 తప్పకుండా పెట్టండి. అభిమానులు సీరియల్‌లో విన్న చనువు మాటను ఉన్నదున్నట్టు రాసేస్తుంటారు. అక్కడి వాళ్లకు అది ముక్కూమొహం తెలియనివాళ్లు ‘ఒరేయ్’ అని పిలిచినంత కాకపోయినా, కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది.

ఇక అక్షరాలు. మీరు చూసిన చార్ట్‌ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. హంగుల్‌లో మూల అక్షరాలు 24: హల్లులు 14, అచ్చులు 10. జంట హల్లులు, కలిపిన అచ్చులు కూడా లెక్కేస్తే 40 అవుతాయి. చార్టుల్లో ఈ నలభైని గుణింతంలా అడ్డంగా, నిలువుగా పేర్చి వందల గళ్లు నింపుతారు. టెన్షన్ వచ్చేది అందుకే. మీ దగ్గర ఇప్పటికే చెవికి బాగా పట్టిన ఒక వాక్యం ఉంది. అందులో వేర్వేరు అక్షరాలు తొమ్మిదే: హల్లులు ㅂ, ㄱ, ㅅ, ㅍ, ㅆ, ㅇ, అచ్చులు ㅗ, ㅣ, ㅓ. వీటితోనే మొదలుపెడదాం. హంగుల్ పనిచేసే పద్ధతంతా ఈ ఐదు గళ్లలోనే దొరుకుతుంది.

ముందు గడి ఎలా కడతారో చూడండి. కొరియన్‌లో అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి వరసగా రాసుకుంటూ పోరు. నోట్లో ఒక్క ఊపులో పలికే ముక్కకు ఒక గడి. 보 అనే గడిలో పైన ㅂ, కింద ㅗ. 고 లో పైన ㄱ, కింద ㅗ. ㅗ పడుకున్న గీత కాబట్టి హల్లు కింద కూర్చుంటుంది. ㅣ, ㅓ నిలువు గీతలు కాబట్టి హల్లుకు కుడిపక్కన నిలబడతాయి. 시 అలాంటిదే. గుణింతం దిద్దిన మనకు హల్లుకు అచ్చు తగిలించడం అనే ఆలోచన కొత్త కాదు. ఇంగ్లిష్ ఒక్కటే తెలిసినవాళ్లకు ఇక్కడ పట్టే సమయం మనకు పట్టదు.

మనకు ఇబ్బంది పెట్టేది మూడో గడి 싶. ఇందులో పైన ㅅ, దాని పక్కన ㅣ, ఆ రెండింటి కింద ㅍ ఉంది. కింద ఉన్న హల్లు చూడగానే తెలుగు కన్ను దాన్ని ఒత్తు అనుకుంటుంది. నేను నేర్పే క్లాసుల్లో మొదటి వారం చాలామంది దీన్ని ‘స్పి’ అని చదువుతారు. మన ఒత్తు పై హల్లుతో కలిసి, అచ్చు కంటే ముందే పలుకుతుంది. కొరియన్‌లో కింద ఉన్న హల్లు అచ్చు అయిపోయాక, గడిని మూస్తూ పలుకుతుంది. కాబట్టి ㅅ, ㅣ, తర్వాత ㅍ. అంటే ‘షిప్’. ఈ కింది హల్లును కొరియన్‌లో 받침, ‘బచ్చిమ్’ అంటారు. పైన ఎడమ, పైన కుడి, ఆఖరున కింద: ఎప్పుడూ ఈ వరసలోనే చదవండి. పడుకున్న అచ్చు ఉన్న గడి అయితే నేరుగా పైనుంచి కిందికి.

మిగిలిన రెండు గళ్లు 었, 어. రెండింటికీ మొదట్లో ㅇ అనే సున్న ఉంది. గడి అచ్చుతో మొదలైతే హల్లు చోటు ఖాళీగా వదలకుండా ఈ సున్న పెడతారు. దానికి అక్కడ శబ్దం లేదు. అదే సున్న గడి అడుగున ఉంటే మాత్రం పలుకుతుంది: ‘సింగం’ అన్నప్పుడు మొదటి సున్న దగ్గర ముక్కులోంచి వచ్చే ఆ శబ్దం, మన ఙ. ప్రేమ అనే అర్థంలో మీరు చాలాసార్లు వినే ఉంటారు, 사랑. దాని చివరి శబ్దం ఇదే. మనవాళ్లు ‘సరంగ్’ అని రాసి చివర గ కూడా పలుకుతారు. ఆ గ అక్కడ లేదు.

ఇప్పుడు అన్నీ కలిపి చదివితే ‘పొగొ షిప్ ఒస్ ఒ’ అని రావాలి. మీరు విన్నది అలా లేదు. కారణం, అడుగున ఉన్న హల్లు తర్వాతి గడిలో శబ్దం లేని సున్న కనబడితే అందులోకి జారిపోతుంది. 싶 అడుగున ఉన్న ㅍ తర్వాతి గడికి వెళ్లింది. 었 అడుగున ఉన్న ㅆ చివరి గడికి వెళ్లింది. రాసేది 싶었어, పలికేది 시퍼써. ‘వాడు ఎవడు’ని మనం ‘వాడెవడు’ అని కలిపేసినట్టే, కాకపోతే వాళ్లు రాతలో కలపరు. రాత మారకపోవడం వల్ల లాభం ఏమిటంటే, 싶 అనే ముక్క ఎక్కడున్నా ఒకేలా కనబడుతుంది, అర్థం వెంటనే పట్టుబడుతుంది. తర్వాతి గడిలో సున్న లేకపోతే ఏమవుతుందంటే, నిఘంటువులో ఈ మాట 싶다 అని ఉంటుంది. అక్కడ ㅍ జారడానికి చోటు లేదు. పెదవులు మూసి గాలి వదలకుండా ఆగిపోతాయి, ‘షిప్’ దగ్గర టక్కున ఆగి ‘త’ గట్టిగా వస్తుంది. ㅅ కి మామూలుగా ‘స’ శబ్దమే. ㅣ పక్కన ఉంటే ‘ష’ వైపు వాలుతుంది. మీ చెవికి ‘షి’ అని వినబడింది అందుకే.

ఫోన్‌లో కొరియన్ కీబోర్డ్ పెట్టుకుంటే ఈ జారడం కళ్లముందే కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర కొరియన్ ఎంచుకుంటే రెండు మూడు రకాల అమరికలు చూపిస్తుంది. హల్లులన్నీ ఎడమవైపు, అచ్చులన్నీ కుడివైపు ఉండేది తీసుకోండి, కొరియాలో కంప్యూటర్ల మీద వాడేది అదే. ㅂ, ㅗ నొక్కండి, 보 వస్తుంది. ㄱ నొక్కండి. అది 보 అడుగున చేరి 복 అవుతుంది. కంగారు పడకండి. ఇంకో ㅗ నొక్కగానే ఆ ㄱ కింద నుంచి లేచి కొత్త గడిలోకి వెళ్లి 보고 అవుతుంది. అచ్చు వచ్చాక గానీ ఆ హల్లు ఏ గడిదో కీబోర్డుకు తెలియదు. ఖాళీ వదిలి ㅅ, ㅣ, ㅍ నొక్కితే 싶. తర్వాత ㅇ, ㅓ, ㅆ నొక్కితే 었. మళ్లీ ㅇ, ㅓ నొక్కితే 어. ㅆ కోసం ㅅ మీద షిఫ్ట్ నొక్కాలి. ల్యాప్‌టాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలున్న మామూలు కీబోర్డు మీద, భాష కొరియన్‌కు మార్చి, ఈ వాక్యానికి నొక్కే వరస ఇది:

```
qhrh tlvdjTdj
```

వేళ్లతో ఇలా కట్టి చూస్తే గడిలో ఏది ఎక్కడ కూర్చుంటుందో చార్ట్ చూసి బట్టీ పట్టినదానికంటే బాగా గుర్తుంటుంది. అయినా చేత్తో రాయడం వదలకండి. లెక్కల గళ్ల నోటుబుక్ తీసుకుని ఒక్కో ముక్కను ఒక్కో గడిలో రాయండి. 보 లో రెండే అక్షరాలు, 싶 లో మూడు, అయినా రెండు గళ్ల సైజు ఒక్కటే ఉండాలి. 싶 లో ㅅ, ㅣ పై సగంలోకి ఒదగాలి, ㅍ కింది సగంలో వెడల్పుగా పరుచుకోవాలి. గీతలు పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి. ㅂ కి ముందు రెండు నిలువు గీతలు, తర్వాత మధ్య అడ్డగీత, చివర అడుగు గీత. ㅗ కి ముందు చిన్న నిలువు, తర్వాత పొడుగు అడ్డం. ㅓ కి ముందు చిన్న అడ్డం, తర్వాత పొడుగు నిలువు.

శబ్దాల దగ్గర రెండు చోట్ల మనం జాగ్రత్తగా ఉండాలి. మొదటిది ㅗ, ㅓ తేడా. నేను పైన ‘పొగొ షిప్ ఒస్ ఒ’ అని రాసినప్పుడు నాలుగుచోట్లా ఒకే ‘ఒ’ వాడాను, ఎందుకంటే తెలుగు లిపిలో వేరే దారి లేదు. నిజానికి మొదటి రెండూ ㅗ, చివరి రెండూ ㅓ. ㅗ కి పెదవులు బాగా గుండ్రంగా ముందుకు రావాలి. ㅓ కి పెదవులు గుండ్రం చేయకుండా, దవడ కొంచెం దించి, ‘అ’కీ ‘ఒ’కీ మధ్యలో పలకాలి. అద్దం ముందు నిలబడి 고, 거 అని మార్చి మార్చి అనండి. పెదవుల ఆకారం మారకపోతే మీరు రెండూ ఒకటే పలుకుతున్నట్టు. ఇంగ్లిష్ అక్షరాల్లో ㅓ ని రెండు అక్షరాలతో ‘eo’ అని రాస్తారు. దాన్ని మనవాళ్లు ‘ఇయో’ అని చదివేస్తారు. కొరియా రాజధానిని తెలుగు పత్రికలు ‘సియోల్’ అని రాయడం వెనక ఉన్నది ఇదే. ఆ పేరు 서울, రెండే గళ్లు: ㅅ పక్కన ㅓ, తర్వాత ‘ఉల్’. అందులో ‘యో’ ఎక్కడా లేదు. అందుకే మొదటి రోజు నుంచే ఇంగ్లిష్ రాతను, తెలుగు రాతను కూడా వదిలేయమంటాను. పాటల కింద తెలుగు లిపిలో కొరియన్ రాసిపెట్టేవాళ్లు మంచి మనసుతోనే రాస్తారు, కానీ ఈ తేడాలన్నీ అక్కడ మాయమైపోతాయి.

రెండోది ㅂ, ㅍ, ㅃ లాంటి మూడేసి హల్లులు. మీరు ‘బొగొ’ అని విన్నారు. ఇంకొకరికి అదే ‘పొగొ’ అని వినబడుతుంది. ఇద్దరిదీ తప్పు కాదు. ㅂ మాట మొదట్లో మెత్తటి ‘ప’లా ఉంటుంది, రెండు అచ్చుల మధ్య పడితే ‘బ’ అవుతుంది. ㄱ కూడా అంతే: మొదట్లో ‘క’కి దగ్గర, మధ్యలో ‘గ’. 보고 లో ㄱ మధ్యలో పడింది కాబట్టి అందరికీ ‘గ’ అనే వినబడింది. కాబట్టి ㅂ అంటే బ, ㄱ అంటే గ అని రాసి పెట్టుకోకండి.

ㅍ మన ‘ఫ’. అయితే పండితులు శ్లోకంలో పలికే ఫ. మనలో చాలామంది ‘ఫలం’ అనేటప్పుడు పై పళ్లు కింది పెదవికి తగిలించి ఇంగ్లిష్ ఎఫ్‌లా పలుకుతాం. కొరియన్ ㅍ కి పళ్లు తగలకూడదు. రెండు పెదవులూ మూసి, గాలి బలంగా వదులుతూ ‘ప’ అనాలి. అలాగే ㅌ మన ‘థ’, కానీ మనం ‘కథ’ని ‘కధ’ అని పలికే అలవాటు ఇక్కడ దెబ్బతీస్తుంది. ㅋ, ㅊ అంటే ఖ, ఛ. చిన్నప్పుడు అక్షరమాలలో దిద్ది, మాటలో సగం వదిలేసిన ఒత్తక్షరాలను మళ్లీ నిజంగా పలకాల్సిన సమయం ఇది.

జంట హల్లుల దగ్గర మనకు మంచి సౌకర్యం ఉంది. ㅃ, ㄲ, ㄸ అంటే గాలి ఏమాత్రం వదలకుండా బిగించి పలికే ప, క, త. మన మామూలు ‘ప’ వాటికి చాలా దగ్గర, ‘ప్ప’ అయితే ఇంకా దగ్గర. సీరియల్ చూసేవాళ్లంతా అనే ‘ఒప్పా’, అంటే 오빠, మన ‘అప్ప’లోని ‘ప్ప’తో అంటే సరిగ్గా ఉంటుంది. చాలా దేశాల వాళ్లు కష్టపడే అక్షరం ఇది, మనకు ఇంట్లో మాట. మనకు కష్టమల్లా ఆ బిగింపు లేని మెత్తటి ㅂ. మూడూ పోల్చి చూసుకోవడానికి మూడు మాటలు: 불 నిప్పు, 풀 గడ్డి, 뿔 కొమ్ము. నోటి ముందు పలుచటి కాగితం ముక్క పట్టుకుని అనండి. 풀 కి కాగితం బాగా ఎగరాలి, 뿔 కి కదలకూడదు, 불 కి కొద్దిగా కదలాలి. గొంతు ఎత్తు కూడా వినండి. సియోల్ వాళ్లు ఇప్పుడు 불 ని కింది స్థాయిలో, మిగతా రెండింటినీ పైస్థాయిలో మొదలుపెడతారు. చాలామందికి గాలి తేడా కంటే ఈ ఎత్తు తేడాయే ముందు చెవికి దొరుకుతుంది. మీ వాక్యంలో చివర ఉన్న ㅆ కూడా ఇలాంటి బిగింపు అక్షరమే, ‘స్స’ అనండి. మీరు ‘షిపొసొ’ అని ఒక్క స తో రాశారు, ఈసారి విన్నప్పుడు అక్కడ నొక్కు గమనించండి.

మిగిలిన అక్షరాల్లో చాలావరకు ఈ తొమ్మిదికి చుట్టాలే. ఈ లిపిని సెజోంగ్ రాజు 1443లో తయారు చేయించి 1446లో ప్రకటించాడు. ఎలా తయారైందో వివరిస్తూ అప్పుడే రాసిన పుస్తకం ప్రతి ఒకటి 1940లో బయటపడింది. హల్లుల ఆకారాలు నోటి ఆకారాలని అందులో ఉంది. ㄱ అంటే నాలుక వెనక భాగం లేచి గొంతును మూసిన తీరు. ㄴ అంటే నాలుక కొన పైకి తగిలిన తీరు. ㅁ నోరు, ㅅ పన్ను, ㅇ గొంతు. శబ్దం బలపడేకొద్దీ గీత చేరుతుంది. ㄱ కి గీత చేరిస్తే ㅋ. ㄴ కి చేరిస్తే ㄷ, ఇంకోటి చేరిస్తే ㅌ. ㅅ నుంచి ㅈ, ㅊ. ㅁ కుటుంబంలోవే ㅂ, ㅍ. ㅇ మీద ㅎ. మనం క-వర్గం, త-వర్గం, ప-వర్గం అని చోటును బట్టి విడదీసినదాన్ని వాళ్లు అక్షరం ఆకారంలోనే చూపించారు. మీ వాక్యంలో ఈ ఐదు కుటుంబాల్లో నాలుగింటి అక్షరాలున్నాయి. లేనిది నాలుక కొన కుటుంబం ఒక్కటే: ㄴ, ㄷ, ㅌ, వాటితోపాటు ㄹ. వీటిని పలికేటప్పుడు ట, డ వైపు పోకండి, త, ద, న దగ్గర ఉండండి. ㄹ రెండు అచ్చుల మధ్య ‘ర’, గడి అడుగున ‘ల’.

అచ్చులు ఆరు నేర్చుకుంటే చాలు: ㅣ ఇ, ㅏ ఆ, ㅓ, ㅗ ఒ, ㅜ ఉ, ㅡ. ఆఖరిదానికి నాలుకను ‘ఉ’ దగ్గర ఉంచి పెదవులు మాత్రం నవ్వినట్టు పక్కలకు లాగండి. వాటిలో చిన్న గీత ఉన్న నాలుగింటికి ఇంకో చిన్న గీత చేరిస్తే ‘య’ వస్తుంది: ㅏ నుంచి ㅑ, ㅓ నుంచి ㅕ, ㅗ నుంచి ㅛ, ㅜ నుంచి ㅠ. టీచర్‌తో ఆ అమ్మాయి కలిపిన 요 ఇందులోదే. ㅐ, ㅔ రెండూ ఇప్పటి వాడుకలో దాదాపు ఒకేలా ‘ఎ’ అని పలుకుతాయి, వాటి మధ్య తేడా కోసం చెవులు రిక్కించనక్కర్లేదు. ఏ మాటకు ఏది రాయాలో మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

రోజుకు అరగంట కూర్చుంటే మొదటి మూడు నాలుగు రోజులు ఈ ఒక్క వాక్యం, ఆరు అచ్చులు. తర్వాత ఐదు కుటుంబాల హల్లులు, రోజుకు ఒకటి లేదా రెండు. అవి అయ్యాకే జంట హల్లులు. అడుగు హల్లులు చివర. అడుగున ఏ అక్షరం ఉన్నా, తర్వాత అచ్చు రాకపోతే పలికే శబ్దాలు ఏడే: ㄱ, ㄴ, ㄷ, ㄹ, ㅁ, ㅂ, ㅇ. ㅅ, ㅆ, ㅈ, ㅊ, ㅌ అన్నీ అడుగున ㄷ లాగే మూసుకుపోతాయి. ఈ సూత్రాన్ని ముందే బట్టీ పట్టొద్దు, మాటల్లో ఎదురైనప్పుడు చూసుకోండి. రెండు వారాలకు నెమ్మదిగా, వేలు పెట్టి చదవడం వస్తుంది. వేగం రావడానికి ఇంకా చాలా నెలలు పడుతుంది, అది మామూలే.

చదవడానికి కొత్త మాటలు వెతక్కండి. మీకు తెలిసిన పేర్లే సీరియల్ మొదట్లో తెర మీద పడుతుంటాయి, అక్కడ ఆపి చదవండి. 김 కిమ్. 박 అని కనబడితే అది ఇంగ్లిష్‌లో ‘పార్క్’ అని రాసే ఇంటిపేరు. అందులో ర లేదని మీకే కనిపిస్తుంది. 이 అని ఒక్క గడి ఉంటే అది ‘లీ’. అక్కడ ల కూడా లేదు, ఉత్త ‘ఇ’. పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ ఉన్న కార్ల కంపెనీ పేరు 기아, దాన్ని ఇప్పుడే చదివేయగలరు. కొరియన్ సబ్‌టైటిల్స్ దొరికితే మీకు బాగా తెలిసిన సీన్‌ని అవి పెట్టుకుని చూడండి. ముందు సబ్‌టైటిల్ లేకుండా ఒక చిన్న వాక్యం విని నోటుబుక్‌లో రాసుకోండి, తర్వాత సబ్‌టైటిల్‌తో పోల్చండి. మీరు ㅗ రాసిన చోట ㅓ ఉందా, ㅂ రాసిన చోట ㅍ ఉందా చూడండి. ఏ తప్పు పదేపదే వస్తుందో అదే మీరు అద్దం ముందు, కాగితం ముక్కతో సాధన చేయాల్సినది. ఒక్కో మాట ఉచ్చారణ వినాలంటే నావెర్ అనే కొరియన్ సైట్‌లోని నిఘంటువులో హంగుల్‌లో టైప్ చేసి స్పీకర్ గుర్తు నొక్కండి.

మొదటి పరీక్షగా ఇది తీసుకోండి: 기다렸어. మీరు చెప్పినలాంటి సీన్లలోనే ఎక్కువగా వినబడే మాట, ‘ఎదురుచూశాను’ అని. ఇందులో మీ వాక్యంలో లేనివి ㄷ, ㄹ, ㅏ, ㅕ నాలుగే. చివర 었어 లో జరిగినట్టే ఇక్కడా 렸 అడుగున ఉన్న ㅆ తర్వాతి గడిలోకి వెళ్లాలి, ㄷ రెండు అచ్చుల మధ్య ‘ద’ కావాలి, ㄹ ‘ర’ కావాలి. ‘కిదర్యొస్సొ’కి దగ్గరగా వచ్చి, చివరి రెండు అచ్చులకు పెదవులు గుండ్రం కాకుండా ఉంటే సరిగ్గా చదివినట్టే. టీచర్‌తో అనాలంటే చివర ఏం కలపాలో మీకు తెలుసు.